ఎక్కువ వడ్డీకి అయిదు లక్షల హద్దు

ఒకే కాలపరిమితికి పెద్ద బ్యాంకుల కన్నా స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులు ఫిక్స్‌డ్ డిపాజిట్లపై సాధారణంగా ఎక్కువ వడ్డీ ఇస్తాయి. తేడా ఒక శాతం ఉంటే లక్ష రూపాయలకు ఏడాదికి వెయ్యి రూపాయలు అదనంగా వస్తాయి. వడ్డీ డబ్బుతోనే ఇల్లు గడుపుకునే రిటైరైన దంపతులకు ఇది తీసిపారేయదగిన మొత్తం కాదు. అయితే ఆ అదనపు వడ్డీ ఎందుకొస్తుందో, డిపాజిట్‌లో ఎంత భాగానికి రక్షణ ఉందో ముందుగా తెలియాలి.

పెద్ద బ్యాంకులకు జీతాల ఖాతాలు, వ్యాపారుల కరెంటు ఖాతాల ద్వారా చవగ్గా డబ్బు చేరుతుంది. 2016 నుంచి మొదలైన స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులకు ఆ వీలు తక్కువ కాబట్టి ఎక్కువ వడ్డీ ఇచ్చి డిపాజిట్లు సేకరిస్తాయి. వీటిలో చాలావరకు ఒకప్పటి సూక్ష్మ రుణ సంస్థలే. తాకట్టు లేని చిన్న అప్పులపై వడ్డీ ఎక్కువ వస్తుంది, కానీ వసూళ్లు ఆగితే దెబ్బ కూడా గట్టిగానే తగులుతుంది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణాల వసూళ్లు ఒక్కసారిగా పడిపోయి ఆ సంస్థలు కుదేలయ్యాయి. ఈ ముప్పు ఉన్నందునే రిజర్వు బ్యాంకు స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులను కనీసం 15 శాతం మూలధన నిష్పత్తి పాటించమంది. మామూలు వాణిజ్య బ్యాంకులకు ఇది 9 శాతమే.

డిపాజిట్ బీమా మాత్రం రెండు రకాల బ్యాంకులకూ ఒక్కటే. రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ అయిన డీఐసీజీసీ ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు బీమా కల్పిస్తుంది. 2020 ఫిబ్రవరికి ముందు ఈ పరిమితి లక్ష రూపాయలే. ఆ బ్యాంకు బ్రాంచీలన్నింటిలోని డిపాజిట్లనూ, సేవింగ్స్ ఖాతాలోని నిల్వనూ కలిపి లెక్కిస్తారు. కాబట్టి ఒకే బ్యాంకులో రెండు బ్రాంచీలకు డబ్బు పంచితే ప్రయోజనం ఉండదు. భర్త పేరున ఒకటి, భార్య పేరున ఒకటి విడివిడిగా ఉన్న డిపాజిట్లకు మాత్రం వేర్వేరుగా బీమా వర్తిస్తుంది.

అయిదు లక్షలు దాటిన డబ్బు విషయంలోనే అసలు తేడా కనిపిస్తుంది. స్టేట్ బ్యాంకు, హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ బ్యాంకులు పడిపోతే దేశ ఆర్థిక వ్యవస్థే కదులుతుందని గుర్తించిన రిజర్వు బ్యాంకు, వాటిచేత అదనపు మూలధనం పెట్టిస్తోంది. వాటికీ చట్టపరంగా పూర్తి హామీ లేదు. అయినా వాటిని కూలనివ్వకుండా ఆదుకునే అవకాశమే ఎక్కువ.

ఒక లెక్క చూద్దాం. దంపతుల దగ్గర 20 లక్షలున్నాయి. పెద్ద బ్యాంకు 7 శాతం, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకు 8 శాతం ఇస్తున్నాయనుకుందాం. మొత్తం భర్త ఒక్కరి పేరునే స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో వేస్తే ఏడాదికి 20,000 రూపాయలు ఎక్కువ వస్తాయి, కానీ 15 లక్షలు బీమాకు బయట ఉంటాయి. అలా కాకుండా ఒక్కొక్కరి పేరున 4.85 లక్షలు అక్కడ వేసి, మిగిలిన 10.30 లక్షలు పెద్ద బ్యాంకులో ఉంచవచ్చు. మూడు నెలలకోసారి ఒక్కొక్కరికి వచ్చే వడ్డీ 9,700 రూపాయలు కలిపినా 4,94,700 రూపాయలే అవుతుంది కాబట్టి బీమా పరిమితి దాటదు. ఇలా ఏడాదికి ఇద్దరికీ కలిపి అదనంగా వచ్చేది 9,700 రూపాయలు. ఇంకో 10,300 రూపాయల కోసం 15 లక్షలను బీమా లేకుండా వదలడం లాభసాటి బేరం కాదు.

వడ్డీ ఎప్పటికప్పుడు తీసుకోకుండా చివర్లో అసలుతో కలిపి తీసుకునే డిపాజిట్ అయితే ఇంకా తక్కువ వేయాలి. 8 శాతం చొప్పున సుమారు 3.36 లక్షలే అయిదేళ్లకు 5 లక్షలవుతుంది.

బీమా ఉందంటే డబ్బు వెంటనే చేతికొస్తుందని కాదు. రిజర్వు బ్యాంకు ఒక బ్యాంకుపై ఆంక్షలు పెడితే బీమా సొమ్ము అందడానికి 90 రోజుల వరకు పట్టవచ్చని 2021 చట్ట సవరణ చెబుతోంది. 2004 జులైలో సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకుపై మారటోరియం విధించినప్పుడు ఖాతాదారులు 10,000 రూపాయల వరకే తీసుకోగలిగారు. మరుసటి నెలలో ఆ బ్యాంకు ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో విలీనమైంది, డిపాజిట్లు దక్కాయి. ఆలోగా ఆసుపత్రి ఖర్చు వచ్చిపడితే ఇబ్బందే. అందువల్ల వైద్యానికీ, కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చుకూ అవసరమయ్యే డబ్బును పెద్ద బ్యాంకులోనే ఉంచాలి.

గడువు తీరాక ఆటో రెన్యువల్‌లో వడ్డీ కూడా అసలులో కలిసిపోతే డిపాజిట్ తెలియకుండానే అయిదు లక్షలు దాటుతుంది. అందుకే రెన్యువల్ చేసే ప్రతిసారీ ఆ బ్యాంకులో ఒక్కొక్కరి పేరున ఉన్న మొత్తాన్ని లెక్కచూసి, ఎక్కువైనదాన్ని బయటికి తీయాలి.