థీసిస్ గడువు పొడిగింపు లేఖలో కమిటీ ఏం చూస్తుంది?

భారతదేశంలో పీహెచ్‌డీ థీసిస్ సమర్పణకు ఇచ్చే గడువు యూజీసీ 2022 నిబంధనల ప్రకారం చేరిన తేదీ నుంచి ఆరేళ్లు. ఆ లోగా పని పూర్తి కాకపోతే విశ్వవిద్యాలయం తన నియమాల ప్రకారం రీరిజిస్ట్రేషన్ ద్వారా మరో రెండేళ్ల వరకు సమయం ఇవ్వవచ్చు. మొత్తం ఎనిమిదేళ్లు దాటకూడదు. మహిళలకు, నలభై శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది కాబట్టి వారి గరిష్ఠ పరిమితి పదేళ్లు. ఈ అదనపు సమయం దానంతట అది రాదు. పరిశోధకులు తమ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీకి లేఖ రాయాలి. కొన్ని సంస్థల్లో దీన్నే డాక్టోరల్ కమిటీ అంటారు. ఆ లేఖపై గైడ్ సిఫారసు కూడా ఉండాలి.

కమిటీ సభ్యులు ఆ లేఖలో ప్రధానంగా మూడు విషయాలు వెతుకుతారు: ఇప్పటికి ఏం పూర్తయింది, ఏది ఎందుకు మిగిలింది, అది ఏ తేదీకి పూర్తవుతుంది. చాలా లేఖలు మధ్య ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. పడిన కష్టాల గురించి రెండు పేజీలు ఉంటాయి, మిగిలిన పని గురించి రెండు వాక్యాలు ఉంటాయి. అలాంటి లేఖ చదివితే సభ్యులకు సానుభూతి కలుగుతుందే గానీ, మినిట్స్‌లో రాసుకోవడానికి వారికి ఏమీ దొరకదు.

అనంతపురం ప్రాంతంలో వేరుశనగ మీద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థినిని ఉదాహరణగా ఊహించుకోవచ్చు. ఆమె ఆరేళ్ల గడువు జులై 31తో ముగుస్తుంది. థీసిస్‌కు మూడు ఖరీఫ్‌ల క్షేత్ర ప్రయోగాలు కావాలి. రెండు సీజన్ల దిగుబడి లెక్కలు చేతికొచ్చాయి. మూడో ఖరీఫ్‌లో సరిగ్గా ఊడలు దిగే దశలో వానలు ముఖం చాటేశాయి. ప్రయోగ మడుల్లో సగానికి పైగా ఎండిపోయాయి. మిగిలిన మొక్కల లెక్కలతో గణాంక విశ్లేషణ నిలబడదు. ఐదు అధ్యాయాల్లో మూడు పూర్తయ్యాయి, నాలుగోది సగంలో ఉంది, ఐదోది ఈ మూడో సీజన్ మీదే ఆధారపడి ఉంది.

ఇక్కడ ఆమె పోగొట్టుకున్నది నాలుగు నెలల పంట కాలం, అడగాల్సింది ఏడాది. లెక్క తెలియని సభ్యుడికి ఈ రెండూ పొంతన లేనట్టు కనిపిస్తాయి. వర్షాధార ఖరీఫ్ పంట ఏడాదికి ఒక్కసారే వస్తుంది కాబట్టి, ఒక సీజన్ పోతే మళ్లీ జులై దాకా ఆగక తప్పదు. ఈ ఒక్క మాట లేఖలో స్పష్టంగా ఉంటే కోరిన సమయం సహేతుకంగా కనిపిస్తుంది. లేకపోతే నాలుగు నెలలు చాలవా అనే ప్రశ్న వస్తుంది. ప్రయోగశాల పరికరం పాడైనా, ప్రాచీన పత్రాలు చూసే అనుమతి ఆలస్యమైనా సూత్రం ఇదే. కారణానికీ, అడిగే కాలానికీ మధ్య ఉన్న లెక్క కాగితం మీద కనిపించాలి.

ఆమె లేఖలో ఆ భాగం ఇలా ఉండవచ్చు:

“జులై మొదటి వారంలో విత్తనం వేసి, అక్టోబరు చివరికి పంట తీస్తాను. డిసెంబరు లోపు నమూనాల పరీక్షలు, జనవరిలో గణాంక విశ్లేషణ పూర్తవుతాయి. మార్చి చివరికి ఐదో అధ్యాయం గైడ్ గారికి అందజేస్తాను. ఏప్రిల్‌లో సవరణలు, మేలో ప్రీ సబ్మిషన్ సెమినార్, జూన్‌లో ప్లేజియరిజం పరీక్ష పూర్తిచేసి జులై 31లోపు థీసిస్ సమర్పిస్తాను. అందువల్ల ఒక సంవత్సరం గడువు కోరుతున్నాను.”

ఇందులో అధ్యాయం రాసే సమయమే కాదు, గైడ్ చదివే సమయం, సెమినార్ తర్వాత దిద్దుబాట్లకు పట్టే సమయం కూడా ఉన్నాయి. ఆలస్యం ఎక్కువగా జరిగేది అక్కడే కాబట్టి వాటిని లెక్కలో వేయని ప్రణాళిక అనుభవజ్ఞులకు వెంటనే తెలిసిపోతుంది. మొహమాటపడి మూడు నెలలు అడిగితే మళ్లీ లేఖ రాయాల్సి వస్తుంది, రెండో లేఖను మొదటిదానంత సులువుగా ఎవరూ నమ్మరు. ఎందుకైనా మంచిదని రెండేళ్లూ అడిగేస్తే ప్రణాళిక లేదనే అర్థం వస్తుంది.

లేఖకు జతచేసే ఆధారాలు కూడా కారణానికి తగ్గట్టు ఉండాలి. ఈ ఉదాహరణలో ఆ నెలల మండల వర్షపాతం వివరాలు, తేదీలతో ఉన్న ఫీల్డ్ బుక్ పేజీలు, ఎండిన మడుల ఫొటోలు చాలు. అనారోగ్యమైతే వైద్య ధ్రువపత్రం కావాలి. మహిళా పరిశోధకులకు పీహెచ్‌డీ కాలం మొత్తంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చని నిబంధనలు చెబుతున్నాయి. ఆ సెలవు వాడుకున్నవారు దాని ఉత్తర్వును విడిగా చూపించి, కోరుతున్నది ఏ నిబంధన కింద అన్నది స్పష్టం చేయాలి. అన్నీ కలిపి ఒకే ముద్దగా అడిగితే ఆఫీసులో ఫైలు వెనక్కి వస్తుంది.

లేఖను దెబ్బతీసే మరో విషయం పాత రికార్డు. పరిశోధకులు ప్రతి సెమిస్టరూ కమిటీ ముందుకు వచ్చి ప్రగతి వివరించాలి. ఆ నివేదికలు ఫైల్లో ఉంటాయి. వాటిలో ‘పని దాదాపు పూర్తయింది’ అని రాసి, ఆర్నెల్లకే ఏడాది గడువు కోరితే సభ్యులు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. మడులు ఎండిన సెమిస్టర్‌లోనే ఆ సంగతి నివేదికలోకి ఎక్కించి ఉంటే, పొడిగింపు లేఖ కమిటీకి కొత్త వార్త కాదు.

గైడ్ సిఫారసు విషయంలో ఒక తేడా గమనించాలి. లేఖ చివర ‘ఫార్వర్డెడ్’ అని సంతకం చేస్తే, కాగితం తన ద్వారా వెళ్లిందని మాత్రమే అర్థం. ‘రికమెండెడ్’ అంటే ఆ కోరికతో గైడ్ ఏకీభవిస్తున్నట్టు. మంచి సిఫారసు దాన్నీ దాటి నాలుగైదు వాక్యాల్లో సొంత సాక్ష్యం చెబుతుంది: మూడు అధ్యాయాల ముసాయిదాలు తాను చదివానని, ఎండిన మడులను స్వయంగా చూశానని, మరో సీజన్ లేకుండా ఫలితాలు నిలబడవని, ప్రయోగ క్షేత్రం వచ్చే ఖరీఫ్‌కు అందుబాటులో ఉంటుందని. గైడ్ ఆ ఏడాదిలోనే పదవీ విరమణ చేస్తుంటే, మార్గదర్శనం ఎవరు కొనసాగిస్తారో కూడా అందులోనే ఉండాలి. పని ఒత్తిడి వల్ల కొందరు గైడ్‌లు సిఫారసు కూడా విద్యార్థినే రాసుకురమ్మంటారు. అప్పుడు రెండు లేఖల్లోనూ అవే వాక్యాలు కనిపించి, సిఫారసు విలువ పోతుంది. గైడ్‌కు విద్యార్థి ఇవ్వాల్సింది తయారైన లేఖ కాదు, తేదీలూ వివరాలూ ఉన్న ఒక పేజీ.

దరఖాస్తు పాత గడువు ముగియకముందే చేరాలి. కమిటీ రోజూ కూర్చోదు. దాని నిర్ణయం డిపార్ట్‌మెంట్ హెడ్, డీన్ దాటి రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లాలి. అందుకని రెండు మూడు నెలల ముందే ఇవ్వడం క్షేమం. జులై 31న ముగిసే గడువుకు ఏప్రిల్‌లో లేఖ వెళ్లాలి. రిజిస్ట్రేషన్ కాలం చెల్లిన తర్వాత వచ్చే లేఖ గడువు పొడిగింపుతో పాటు ఆలస్యాన్ని మన్నించమని కూడా అడగాల్సి వస్తుంది.

గడువు పెరిగినంత మాత్రాన ఫెలోషిప్ పెరగదు. యూజీసీ జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ కలిపి ఐదేళ్లే కాబట్టి పొడిగించిన ఏడాదికి ఆ డబ్బు ఉండదు. హాస్టల్ గది కొనసాగుతుందా అన్నది కూడా వేరుగా అడిగి తెలుసుకోవాలి.

కమిటీ ఒప్పుకున్న మాట నోటితో చెబితే చాలదు. కొత్త తేదీ రాసి ఉన్న ఉత్తర్వు ప్రతి చేతికి రావాలి, రీరిజిస్ట్రేషన్ రుసుము ఉంటే కట్టిన రసీదు దాచుకోవాలి. థీసిస్ తీసుకునే రోజున పరీక్షల విభాగం సమర్పణ తేదీని ఆ ఉత్తర్వులోని తేదీతోనే సరిచూస్తుంది.