గంట వాతావరణం 22 బైట్లలో

సెల్ సిగ్నల్ అందని పొలంలో ఒక సెన్సర్ నిమిషానికోసారి ఉష్ణోగ్రత కొలుస్తోందనుకుందాం. గంటకు పోగైన రీడింగులను లోరా రేడియో ద్వారా ఊళ్లోని గేట్‌వేకి పంపాలి. దూరం ఎక్కువైతే లోరాను బాగా నెమ్మదిగా నడపాలి. అప్పుడు సెకనుకు వెళ్లేవి దాదాపు 250 బిట్లే. లోరావాన్ పద్ధతిలో ఒక ప్యాకెట్‌లో మన డేటాకు దొరికే చోటు 51 బైట్లు. గంట మొదట్లో ఒక రీడింగు, తర్వాత 60, ఒక్కోదానికి 16 బిట్లు: మొత్తం 122 బైట్లు. మూడు ప్యాకెట్లు కావాలి.

కానీ ఎండ నిమిషంలో ఎంతని మారుతుంది? అందుకే మొదటి రీడింగును పూర్తిగా పంపి, ఆపైన తేడాలు మాత్రమే, డిగ్రీలో పదో వంతు లెక్కన పంపితే చాలు. ఆ 60 తేడాల్లో 30 సార్లు 0, 12 సార్లు +1, 12 సార్లు -1, మిగతా 6 సార్లు ఇంకేదో వచ్చాయనుకోండి.

తరచూ వచ్చే కబురులో కొత్తదనం తక్కువ, అరుదైన దానిలో ఎక్కువ. దీన్ని బిట్లలో కొలవవచ్చని 1948లో క్లాడ్ షానన్ చూపించాడు. సగం సార్లు వచ్చే 0 విలువ 1 బిట్, పదింట ఒకసారి వచ్చేదాని విలువ 3.32 బిట్లు. అన్నిటి సగటే ఎంట్రోపీ. మన లెక్కలో అది 1.76. ఒక్కో తేడాను విడిగా, ఇవే నిష్పత్తులతో చూసినంత కాలం, ఏ కోడూ సగటున అంతకన్నా తగ్గలేదు.

దాని దగ్గరికి చేరే దారిని డేవిడ్ హఫ్‌మన్ ఎమ్ఐటీలో విద్యార్థిగా ఉన్నప్పుడు కనిపెట్టి, 1952లో ప్రచురించాడు. అన్నిటికన్నా అరుదైన రెండింటిని కలిపి ఒకటిగా లెక్కపెట్టాలి, మళ్లీ అలాగే కలుపుతూ పోవాలి. ఇక్కడ 6, 12 కలిస్తే 18, దానికి ఇంకో 12 కలిస్తే 30, చివరికి 60. ఆ కొమ్మల వెంట పైనుంచి దిగితే కోడ్ వస్తుంది:

```
 0    -> 0
+1    -> 10
-1    -> 110
ఇతరం  -> 111 + 8 బిట్ల అసలు తేడా
```

ఏ కోడూ మరోదానికి మొదలు కాదు కాబట్టి మధ్యలో విరామ గుర్తులు అక్కర్లేదు. కోడ్లకు 108 బిట్లు, అరుదైన ఆరింటికి అదనంగా 48, మొదటి రీడింగుకు 16. మొత్తం 172 బిట్లు, అంటే 22 బైట్లు. ఒక్క ప్యాకెట్ చాలు.

అయితే మధ్యలో ఒక్క బిట్ తారుమారైతే తర్వాతివన్నీ తప్పుతాయి. అందుకే చెక్‌సమ్ తప్పిన ప్యాకెట్‌ను పారేయాలి. ప్రతి ప్యాకెట్ పూర్తి రీడింగుతోనే మొదలవ్వాలి, అప్పుడు పోయేది ఆ గంట మాత్రమే. నిశ్చలమైన రాత్రిలో మరో తంటా: దాదాపు అన్నీ 0లే వచ్చినా హఫ్‌మన్ ఒక్కోదానికి 1 బిట్ తీసుకుంటుంది. అక్కడ వరుస సున్నాలను గుంపుగా లెక్కించడం మేలు.

అసలు చిక్కు పాడైన కొలతలది. DS18B20 సెన్సర్ కరెంటు తగిలిన వెంటనే, కొలవకముందే చదివితే 85 డిగ్రీలని చెబుతుంది. 30 నుంచి 85కి తేడా 550 పదో వంతులు. 8 బిట్లలో పట్టదు. దాన్ని ముందే పట్టుకుని తీసేయాలి. అన్నీ అరుదైన తేడాలే వస్తే 85 బైట్లవుతుంది కాబట్టి, పంపేముందు సైజు చూసుకుని రెండు ప్యాకెట్లుగా విడగొట్టే ఏర్పాటూ ఉండాలి. రోజూ 22 దగ్గర ఉండే సైజు ఒక్కసారిగా 40 దాటిందంటే, వానగాలి లేకుంటే, సెన్సర్ వైరు వదులైందేమో చూడాలి.