పిల్లి గిన్నె దగ్గర నేల గోకితే

గిన్నెలో తిండి వేయగానే పిల్లి వస్తుంది, వాసన చూస్తుంది. నోరు పెట్టకుండా గిన్నె చుట్టూ ఉన్న గచ్చును ముందుకాలితో గోకడం మొదలుపెడుతుంది. పక్కన గుడ్డో పేపరో ఉంటే లాగి గిన్నె మీద కప్పేస్తుంది. లిట్టర్ బాక్సులోనూ ఇలాగే కప్పుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు మనసు చివుక్కుమంటుంది. ఈ తిండి దానికి అసహ్యమేమో అనుకుంటారు.

నిజానికి ఈ గోకుడు చాలా పాత అలవాటు. అమెరికా ఖండాల్లో తిరిగే ప్యూమా తాను చంపిన జింకను ఒక్కపూటలో తినలేదు. మిగిలినదాన్ని ఆకులతో, మట్టితో కప్పిపెట్టి మళ్లీ వచ్చి తింటుంది. వాసన బయటికి పొక్కితే ఇంకో జంతువు వచ్చి ఎత్తుకుపోతుంది మరి. మన ఇంటి పిల్లిలోనూ ఆ స్వభావం మిగిలే ఉంది. కడుపు నిండినా, తిండి ఎక్కువైనా, ఇప్పుడు వద్దనిపించినా కప్పబోతుంది. ఎప్పటినుంచో ఇలా చేస్తూ, మామూలుగా తింటూ, బరువు తగ్గకుండా ఉన్న పిల్లి గురించి దిగులు అక్కర్లేదు. కాస్త తక్కువ వడ్డించి, మిగిలింది తీసేస్తే సరిపోతుంది. ఎన్నడూ గోకని పిల్లి కొత్తగా మొదలుపెట్టి, తిండి కూడా తగ్గిస్తే మాత్రం గోకుడును పక్కనపెట్టి గిన్నెలో ఎంత మిగిలిందో చూడాలి. అసలు సంగతి అక్కడ తెలుస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఐదేళ్ల మగపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. బరువు 5 కిలోలు, ఉండాల్సినదానికన్నా అరకిలో ఎక్కువ. రోజుకు 60 గ్రాముల డ్రై ఫుడ్ తింటుంది. వాడే బ్రాండ్ దుకాణంలో అయిపోయిందని శుక్రవారం సాయంత్రం కొత్తది తెచ్చి వేశారు. అది వాసన చూసి, గచ్చు గోకి, వెళ్లిపోయింది. శనివారం సాయంత్రం గిన్నెను వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే 60 గ్రాముల్లో 52 అలాగే ఉన్నాయి. అంటే ఒక రోజులో 8 గ్రాములే తిన్నదన్నమాట.

ఇప్పుడు చేయాల్సిన పరీక్ష ఒక్కటే. పాత తిండి ఓ గుప్పెడు ఎక్కడైనా సంపాదించి పక్కన ఇంకో గిన్నెలో పెట్టాలి. అది దొరక్కపోతే ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా ఉడికించిన కోడిమాంసం పెట్టి చూడవచ్చు. పాతదాన్ని ఆత్రంగా తిని, చక్కగా ఒళ్లు నాక్కుని, ఎప్పటిలా ఆడుకుంటే అది మారాం. పాతదీ ముట్టకపోతే, ఇష్టమైన మాంసం చూసినా మొహం తిప్పుకుంటే అది నలత. ఇక్కడ పొరపాటు పడే చోటొకటి ఉంది. జబ్బు చేసిన పిల్లి కూడా ఇష్టమైనది రెండు ముక్కలు కొరకవచ్చు. ఆ రెండు ముక్కలు చూసి నిశ్చింతగా ఉండకూడదు. మామూలుగా తినేదాంట్లో కనీసం సగమైనా లోపలికి వెళ్లిందా అన్నదే లెక్క.

మారాం అని తేలినా పంతానికి పోకూడదు. ‘రెండురోజులు కడుపు మాడితే అదే తింటుందిలే’ అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటుంటారు. కుక్క విషయంలో ఆ మాట చాలాసార్లు చెల్లుతుంది. పిల్లి విషయంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. తిండి ఆగగానే పిల్లి ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వును త్వరగా వాడుకునే, బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కొవ్వు అక్కడే పేరుకుని కాలేయం పని మందగిస్తుంది. దాంతో వికారం పుట్టి, ఉన్న కాస్త ఆకలీ చచ్చిపోతుంది. అంటే మారాంతో మొదలైన పస్తు కొద్దిరోజుల్లో నిజమైన జబ్బవుతుంది. లావుగా ఉన్న పిల్లికి ఈ ముప్పు మరీ ఎక్కువ. చెవి లోపలి చర్మం, చిగుళ్లు, కంటి తెల్లగుడ్డు పచ్చబడ్డాయంటే అప్పటికే బాగా ముదిరినట్టు. అప్పుడు గొట్టం ద్వారా వారాల తరబడి తిండి ఎక్కించాల్సి వస్తుంది.

అందుకే పెద్ద పిల్లి 24 గంటలు ఏమీ తినకపోతే పశువైద్యుడికి ఫోన్ చేయాలి. రెండోరోజూ అలాగే గడిస్తే తీసుకెళ్లి తీరాలి, ఆదివారమైనా సరే. చిన్నపిల్లలకైతే ఒక్కరోజు కూడా ఆగకూడదు. మగపిల్లి తిండి మానేసి, పదేపదే లిట్టర్ బాక్సులో కూర్చుని ముక్కుతూ, మూత్రం రాక అరుస్తుంటే గంటలు లెక్కపెట్టే పని లేదు. మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు, వెంటనే బయలుదేరాలి.

నలత ఎక్కడుందో గిన్నె దగ్గర దాని తీరు కొంత చెబుతుంది. ఆకలితో పరుగెత్తుకొచ్చి, ఒక పలుకు నోట పట్టి, తల ఓ పక్కకు వంచి నమిలి, జారవిడిచి వెనక్కి తగ్గితే నోట్లో నొప్పి. పిల్లుల్లో పంటి మొదలే లోలోపల కరిగిపోయే జబ్బు చాలా మామూలు. ఆ నొప్పితో అది గట్టి పలుకులు వదిలేసి మెత్తనివే తింటుంది, మనం దాన్ని గారాబం అనుకుంటాం. గిన్నె దగ్గరికొచ్చి పెదాలు నాక్కుంటూ, గుటకలు మింగుతూ, చొంగ కారుస్తూ తప్పుకుంటే వికారం. వయసు మళ్లిన పిల్లి ఇలా చేస్తూ నీళ్లు ఎక్కువ తాగుతుంటే మూత్రపిండాలను పరీక్ష చేయించాలి. తుమ్ముతూ ముక్కు కారుతుంటే దానికి వాసన తెలియదు, వాసన తెలియని తిండిని పిల్లి తినదు.

మన శనివారం పిల్లి పాత తిండిని గిన్నె ఖాళీ అయ్యేదాకా తినేసింది. కొత్తదానికి అలవాటు చేయడానికి పదిరోజులు చేతిలో పెట్టుకోవాలి. ఇంకో దుకాణంలోనైనా పాతది చిన్న ప్యాకెట్ కొనుక్కోవడం మేలు. మొదటి మూడురోజులు 45 గ్రాముల పాతదానిలో 15 కొత్తది, తర్వాతి మూడురోజులు సగంసగం, ఆపైన 15 పాతది, 45 కొత్తది. ఏ మెట్టు దగ్గరైనా తిండి తగ్గితే వెనకటి మెట్టుకు వచ్చి రెండురోజులు ఆగాలి. కొన్ని పిల్లులు కలిపినదాన్ని మొత్తంగా వదిలేస్తాయి. వాటికి కొత్తది వేరే గిన్నెలో పక్కనే ఉంచితే వాసనకు అలవాటు పడతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన మెత్తటి తిండైతే గిన్నెను వేడినీళ్లలో కాసేపు ఉంచి గోరువెచ్చగా పెడితే వాసన లేస్తుంది.

వారానికోసారి పిల్లిని ఎత్తుకుని తూకం యంత్రం మీద నిలబడి, ఆపైన మీరొక్కరే నిలబడి, తేడా రాసుకోండి. 5 కిలోల పిల్లి అరకిలో తగ్గిందంటే పదోవంతు పోయినట్టే. రోజూ తింటున్నట్టే కనబడినా డాక్టరుకు చూపించాలి.

తిననంటున్న పిల్లి నోరు తెరిచి కుక్కడం, తిండిలో మాత్ర దాచడం మాత్రం చేయకండి. వికారంగా ఉన్నప్పుడు తిన్నదాన్ని, చేదు తగిలినదాన్ని పిల్లి మరిచిపోదు. జబ్బు తగ్గాక కూడా ఆ తిండిని చూడగానే గచ్చు గోకుతుంటే, ఆ బ్రాండ్‌ను దానికి మళ్లీ అలవాటు చేయాలని చూడకండి. సంచిలో మిగిలింది వీధిపిల్లులకు పెట్టేసి, వేరే రుచిది తెచ్చి పై పద్ధతిలోనే మొదలుపెట్టండి.