చివరి గడి సరిపోతే చాలదు

సంచి 7 కిలోలే మోస్తుంది. మూటలు నాలుగున్నాయి. వాటి బరువులు వరుసగా 2, 3, 4, 5 కిలోలు. అమ్మితే వచ్చే లాభం 2, 5, 7, 9 వందల రూపాయలు. మూట విప్పకూడదు, ఒక్కో మూట ఒక్కటే ఉంది. ఏవి తీసుకెళ్తే లాభం ఎక్కువ? కంప్యూటర్ చదువుల్లో దీన్ని నాప్‌సాక్ సమస్య అంటారు. డైనమిక్ ప్రోగ్రామింగ్ పద్ధతిలో దీనికి ఇలా ఒక పట్టిక వేస్తారు:

```
కిలోలు  0 1 2 3 4 5 6 7
మూట 1   0 0 2 2 2 2 2 2
మూట 2   0 0 2 5 5 7 7 7
మూట 3   0 0 2 5 7 7 9 12
మూట 4   0 0 2 5 7 9 9 12
```

ఆ వరుస వరకు ఉన్న మూటలతో, అన్ని కిలోల సంచిలో, దక్కే గరిష్ఠ లాభమే గడిలోని అంకె. దాన్ని రాబట్టడానికి పై వరుస ఒక్కటి చాలు. మూట వద్దనుకుంటే సరిగ్గా పైగడిలోని అంకె వస్తుంది. కావాలనుకుంటే పై వరుసలోనే మూట బరువంత ఎడమకు జరిగి, అక్కడి అంకెకు మూట లాభం కలపాలి. రెండింటిలో పెద్దది గడిలోకి వెళ్తుంది. మూడో వరుస చివరి గడి చూడండి. పైన 7 ఉంది. నాలుగు గడులు ఎడమకు జరిగితే 5, దానికి 7 కలిపితే 12. కాబట్టి 12.

ఇప్పుడు ఏ మూటలు ఎంచుకున్నామో వెనక్కి నడుద్దాం. చివరి 12 మీద కూడా 12 ఉంది కాబట్టి నాలుగో మూట తీసుకోలేదు. మూడో వరుసలో 12 మీద 7 ఉంది. అంటే మూడోది తీసుకున్నాం, సంచిలో ఇక 3 కిలోల చోటుంది. రెండో వరుసలో ఆ చోట 5, దాని మీద 2. రెండోదీ తీసుకున్నాం. బరువు 4+3, లాభం 7+5. లెక్క కుదిరింది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అది చాలదు. ప్రోగ్రామ్ పొరపాటున పై వరుసకు బదులు నింపుతున్న వరుసలోకే చూసిందనుకుందాం. అప్పుడు ఒకే మూట రెండుసార్లు సంచిలోకి ఎక్కుతుంది. అయినా మన ఉదాహరణలో చివరి గడి 12 అనే చెబుతుంది, వెనక్కి నడిచినా అవే రెండు మూటలు వస్తాయి. తప్పు మధ్య గడుల్లో బయటపడుతుంది, ఉదాహరణకు రెండో వరుస, 6 కిలోల గడిలో. చేత్తో లెక్కిస్తే అక్కడ 2, 5+2లలో పెద్దదైన 7 రావాలి. ఆ ప్రోగ్రామ్ మాత్రం 10 చూపిస్తుంది.

అందుకే మూట బరువుకు రెట్టింపు, అంతకు మించిన కిలోల గడుల్లో ఒకటి తప్పక సరిచూడండి. బరువు సరిగ్గా సరిపోయే గడి ఇంకొకటి. రెండో వరుసలో 3 కిలోల దగ్గర 5 కాక 2 కనిపిస్తే, ప్రోగ్రామ్‌లో `<=` ఉండాల్సిన చోట `<` పడిందేమో చూడాలి.

జాగా మిగుల్చుకోవడానికి ఒకే వరుస వాడేవారు దాన్ని 7 కిలోల గడి నుంచి మొదలుపెట్టి ఎడమకు నింపుకుంటూ రావాలి. అలా చేస్తే ఒకే మూట రెండుసార్లు పడదు.