బారువడ్డీ లెవెళ్లు, చక్రవడ్డీ లెవెళ్లు

బడిలో బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలు చేయనివాళ్లు మనలో ఉండరు. అసలు మీద ఏటా అంతే వడ్డీ వస్తే బారువడ్డీ, వడ్డీ మీద కూడా వడ్డీ పెరిగితే చక్రవడ్డీ. రోల్ ప్లేయింగ్ గేమ్ తయారుచేసే వాళ్లకు మొదటిరోజే ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిన పని పడుతుంది. చాలామంది ఎంచుకుంటున్నామని తెలియకుండానే ఎంచుకుంటారు. అదీ చిక్కు.

ఈ తరహా ఆటలో మన పాత్ర శత్రువులతో పోరాడి అనుభవ పాయింట్లు సంపాదిస్తుంది. వాటినే ఎక్స్‌పీ అంటారు. తగినన్ని పోగవగానే లెవెల్ పెరుగుతుంది, దాంతోపాటు ప్రాణశక్తి (హెచ్‌పీ), దాడి, రక్షణ పెరుగుతాయి. కొత్తగా గేమ్ రాసే కుర్రవాళ్లు ఎక్కువగా రాసుకునే సూత్రం ఒకటుంది: లెవెల్ పెరిగిన ప్రతిసారీ అన్నీ పది శాతం పెరగాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. లెవెల్ 1లో 100 హెచ్‌పీ ఉంటే లెవెల్ 2లో 110, లెవెల్ 3లో 121. ఇదే చక్రవడ్డీ. లెవెల్ 100కి చేరేసరికి ఆ హెచ్‌పీ దాదాపు పన్నెండున్నర లక్షలు. అదే పది శాతాన్ని బారువడ్డీగా, అంటే లెవెల్‌కి పదేసి చొప్పున కలుపుకుంటూ పోతే వచ్చేది 1,090.

అంకె పెద్దదైతే నష్టమేమిటని అడగవచ్చు. మన హెచ్‌పీ పెరిగినట్టే శత్రువు దాడీ పెరుగుతుంది కాబట్టి, సమాన లెవెల్లో ఉన్న ఇద్దరి మధ్య పోరాటం మొదట్లో ఐదు దెబ్బల్లో ముగిస్తే చివరికీ ఐదు దెబ్బల్లోనే ముగుస్తుంది. నిజమే. అందుకే ఈ తప్పు పరీక్షల్లో దొరకదు. తయారుచేసినవాళ్లు సమాన లెవెళ్లనే పోల్చి చూసుకుంటారు, ఆడేవాళ్లు మాత్రం ఎప్పుడూ సరిగ్గా అనుకున్న లెవెల్లో ఉండరు. ఒకరు కథ వెంటనే పరుగెత్తుతారు, ఇంకొకరు అడవిలో ప్రతి మూలా తిరిగి పది లెవెళ్లు ఎక్కువగా వస్తారు.

ఆ పది లెవెళ్ల తేడా దగ్గరే చక్రవడ్డీ బయటపడుతుంది. 1.1ని పదిసార్లు గుణిస్తే సుమారు 2.6. పది లెవెళ్లు పైనున్న వీరుడి దెబ్బ 2.6 రెట్లు, ప్రాణం 2.6 రెట్లు. సమానులకు ఐదు దెబ్బలు పట్టే పోరాటాన్ని అతను రెండు దెబ్బల్లో ముగిస్తాడు, అతన్ని పడగొట్టాలంటే శత్రువుకి పదమూడు దెబ్బలు కావాలి. తేడా ఇరవై లెవెళ్లయితే ఇటు ఒక్క దెబ్బ, అటు ముప్ఫైనాలుగు. వెనుక వదిలివచ్చిన ఊళ్లన్నీ ఇక పనికిరావు, ముందున్నవి అందవు. పైగా త్వరగా గెలిచేవాడికి ఎక్స్‌పీ త్వరగా వస్తుంది, దాంతో ఇంకా త్వరగా గెలుస్తాడు. అదుపు తప్పడమంటే ఇదే. అంకెల పొడవు దాని పైకి కనిపించే గుర్తు మాత్రమే.

ఆ గుర్తు కూడా ఒక్కోసారి భరించలేనంత అవుతుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఏళ్ల తరబడి కొత్త విడతలు వేసుకుంటూ, ప్రతి విడతలోనూ కిందటిదాన్ని మించిన ఆయుధాలు ఇస్తూ వచ్చింది. చివరికి 2014లో అందరి అంకెలనూ ఒక్కసారిగా కుదించారు. 2020లో లెవెళ్లనూ కుదించి, 120లో ఉన్నవాళ్లను 50కి దించారు. కోట్ల మంది చూసిన ఆటలో ఆడేవాళ్ల కళ్లముందే అంకెలు తగ్గించడం తేలికైన నిర్ణయం కాదు.

దీనికి మంచి విరుగుడు పిల్లలకు బాగా తెలిసిన పోకెమాన్‌లోనే ఉంది. 2002లో వచ్చిన రూబీ, సఫైర్ ఆటల నాటి సూత్రాన్ని, ఒక్కో జీవికి విడిగా ఉండే జన్మగుణాల తేడా, శిక్షణ కలిపే భాగాలు పక్కన పెట్టి రాస్తే ఇలా ఉంటుంది:

```
HP     = floor(2 * Base * Level / 100) + Level + 10
Stat   = floor(2 * Base * Level / 100) + 5
Damage = floor((2 * Level / 5 + 2) * Power * A / D / 50) + 2
```

`Base` అంటే ఆ జాతికి పుట్టుకతో వచ్చే బలం. `floor` అంటే దశాంశాలు వదిలేయడం. `A` కొట్టేవాడి దాడి, `D` తినేవాడి రక్షణ. మ్యూ అనే పోకెమాన్‌కు అన్ని `Base` విలువలూ 100 కాబట్టి లెక్క సులువు: హెచ్‌పీ లెవెల్‌కి మూడు రెట్లు కలపడం పది, దాడీ రక్షణా లెవెల్‌కి రెండు రెట్లు కలపడం ఐదు. నిఖార్సయిన బారువడ్డీ.

రెండు మ్యూలు 80 పవర్ ఉన్న దెబ్బతో తలపడ్డాయనుకుందాం. ఆటలో ఉండే అదృష్టం పాలు, జాతుల మధ్య అనుకూలతలు వదిలేద్దాం. లెవెల్ 10లో హెచ్‌పీ 40, దెబ్బకు పోయేది 11, అంటే నాలుగు దెబ్బలు. లెవెల్ 50లో 160 హెచ్‌పీ, దెబ్బకు 37, ఐదు దెబ్బలు. లెవెల్ 100లో 310 హెచ్‌పీ, దెబ్బకు 69, మళ్లీ ఐదే. పోరాటం నిడివి మొదటినుంచి చివరిదాకా దాదాపు మారలేదు. ఇప్పుడు అసలు పరీక్ష, పది లెవెళ్ల తేడా. లెవెల్ 60 మ్యూ లెవెల్ 50 మ్యూని కొడితే దెబ్బకు 51 పోతాయి, నాలుగు దెబ్బల్లో పని అయిపోతుంది. చిన్నది పెద్దదాన్ని కొడితే దెబ్బకు 31, ఏడు దెబ్బలు కావాలి. పెద్దది గెలుస్తుంది, గెలవాలి కూడా. కానీ నాలుగుకీ ఏడుకీ మధ్య ఒక మందో, ఒక ఎత్తుగడో పనిచేయడానికి చోటుంది. రెండుకీ పదమూడుకీ మధ్య లేదు.

ఇందులో నాకు బాగా నచ్చేది `A / D` అనే భాగం. దాడిలోంచి రక్షణను తీసివేయకుండా, భాగించారు. తీసివేత సూత్రంలో రక్షణ కాస్త మించితే దెబ్బ సున్నా అయిపోతుంది. 50 దాడికి 45 రక్షణ ఎదురైతే పోయేది 5, దాడి మరో ఐదు పెరిగితే పోయేది 10. పదో వంతు పెరుగుదలకు ఫలితం రెట్టింపు! భాగహారంలో అంతటి కుదుపు రాదు. రక్షణ ఎంత పెరిగినా దెబ్బ తగ్గుతుందే తప్ప మాయం కాదు.

బారువడ్డీకీ ఒక లోపం ఉంది. లెవెల్ 5 నుంచి 6కి వెళ్లినప్పుడు మ్యూ దాడి 15 నుంచి 17 అవుతుంది, తేడా చేతికి తెలుస్తుంది. 99 నుంచి 100కి వెళ్తే 203 కాస్తా 205. ఆడేవాళ్లకు ఏమీ అనిపించదు. అందుకే ఇలాంటి ఆటలు అంకెలతోనే సంతృప్తి పరచాలని చూడవు. కొన్ని లెవెళ్ల దగ్గర కొత్త విద్య వస్తుంది, కొన్నిచోట్ల రూపమే మారుతుంది.

బలం సంగతి సరే, లెవెల్ ధర మాటేమిటి? పికాచు వంటి చాలా పోకెమాన్‌లకు ఏ లెవెల్‌కైనా కావలసిన మొత్తం ఎక్స్‌పీ ఆ లెవెల్ ఘనం: లెవెల్ 10కి వెయ్యి, లెవెల్ 100కి పది లక్షలు. ఓడించిన శత్రువు ఇచ్చే ఎక్స్‌పీ తొలి ఆటల్లో శత్రువు జాతికి కట్టిన విలువను దాని లెవెల్‌తో గుణించి ఏడుతో భాగిస్తే వచ్చేది. ఆ విలువ 105 అనుకుంటే లెవెల్‌కి పదిహేను చొప్పున వస్తుంది. లెవెల్ 10 నుంచి 11కి 331 కావాలి, లెవెల్ 10 శత్రువు ఇచ్చేది 150, రెండు మూడు పోరాటాలు చాలు. లెవెల్ 50 నుంచి 51కి 7,651 కావాలి, వచ్చేది 750, పదికి కాస్త పైన. 99 నుంచి 100కి ఇరవై. లక్షలు కనిపించినా శ్రమ మాత్రం నెమ్మదిగా, ఒకే వాలున పెరిగింది.

పరుగును ఆపే కళ్లెం ఇక్కడే ఉంది. లెవెల్ 30కి వచ్చినవాడు తనకు తగిన శత్రువులతో పోరాడితే ఆరేడు పోరాటాల్లో ముందుకెళ్తాడు. లెవెల్ 10 అడవిలోనే కూర్చుని బలహీనులను కొట్టుకుంటూ ఉంటే పందొమ్మిది కావాలి. అతన్ని ఎవరూ ఆపలేదు, శిక్షించలేదు, ఆ చోటు ఇక గిట్టుబాటు కాదంతే.

ధరలో చక్రవడ్డీ పెట్టిన ఆటలూ ఉన్నాయి. రూన్‌స్కేప్‌లో ప్రతి ఏడు లెవెళ్లకూ ధర సుమారు రెట్టింపవుతుంది. లెవెల్ 99కి 1,30,34,431 ఎక్స్‌పీ కావాలి, లెవెల్ 92కి 65,17,253. అంటే తొంభై రెండు లెవెళ్లు ఎక్కినవాడు సగం దారిలోనే ఉన్నాడు. ఏళ్ల తరబడి ఆడే ఆట కాబట్టి, పైకి వెళ్లేకొద్దీ గంటకు వచ్చే ఎక్స్‌పీ కూడా బాగా పెరుగుతుంది కాబట్టి అక్కడ అది నప్పింది. ముప్ఫై గంటల కథకు ఆ వాలు పెడితే సగం మంది మధ్యలోనే ఆగిపోతారు.

లెవెళ్లన్నీ జాగ్రత్తగా కట్టి, వస్తువుల దగ్గర పట్టు వదిలేయడం ఇంకో పొరపాటు. తలా యాభై శాతం దాడి పెంచే ఐదు వస్తువులను కూడితే మూడున్నర రెట్లు, గుణిస్తే ఏడున్నర రెట్లకు పైనే. ముందు తలుపు దగ్గర ఆపిన చక్రవడ్డీ పెరటి గుమ్మంలోంచి వచ్చేస్తుంది. శాతాలన్నిటినీ ముందు కూడి, చివర ఒక్కసారే గుణించాలి.

సూత్రం ఏదైనా, గేమ్ రాసేముందు స్ప్రెడ్‌షీట్‌లో మూడు వరుసలు వేసుకుంటే రోగం ముందే కనిపిస్తుంది: శత్రువును పడగొట్టడానికి ఎన్ని దెబ్బలు, మనం పడిపోవడానికి ఎన్ని దెబ్బలు, వచ్చే లెవెల్‌కి ఎన్ని పోరాటాలు. సమాన లెవెల్ ఒక్కటీ చూసి ఆగకూడదు. శత్రువు ఐదు లెవెళ్లు పైనుంటే, పది కిందుంటే ఏమవుతుందో కూడా నింపాలి. ఎక్స్‌పీ పట్టికను కూడా నేను ఈ మూడో వరుస నుంచే వెనక్కి కడతాను. ఏ లెవెల్లో ఎన్ని పోరాటాలు ఉండాలో ముందు అనుకుని, శత్రువు ఇచ్చేదానితో గుణిస్తే ధర అదే వస్తుంది.

వాలు నడిమధ్య బాగున్నా కొసలు కూడా చూసుకోవాలి. మ్యూ లాంటి కొన్నిటికి పోకెమాన్‌లో వేరే ఎక్స్‌పీ సూత్రం ఉంది:

```
1.2 * n^3 - 15 * n^2 + 100 * n - 140
```

ఇందులో `n` లెవెల్. లెవెల్ 100 దగ్గర 10,59,860 వస్తుంది. లెవెల్ 2 దగ్గర 9. లెవెల్ 1 దగ్గర, దశాంశాలు వదిలేస్తే, మైనస్ 54. 1996లో మొదలైన తొలి ఆటల్లో ఎక్స్‌పీని మూడు బైట్ల చోటులో, మైనస్ గుర్తుకు వీలు లేకుండా దాచేవారు. ఆ చోటులో మైనస్ 54 అంటే 1,67,77,162. మామూలుగా ఆడితే లెవెల్ 1 జీవి ఎదురుపడదు కాబట్టి ఇది చాలాకాలం ఎవరి కంటా పడలేదు. తర్వాత ఆటలోని వేరే లోపాలను వాడుకుని లెవెల్ 1 మ్యూని పట్టినవాళ్లు, దానికి ఒక చిన్న పోరాటంలో 54 కంటే తక్కువ ఎక్స్‌పీ ఇప్పించారు. ఆట తన దగ్గరున్న మొత్తాన్ని చూసుకుంది, అది లెవెల్ 100కి కావలసినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆ ఒక్క పోరాటంతో మ్యూ లెవెల్ 1 నుంచి నేరుగా లెవెల్ 100కి వెళ్లిపోయింది.