చేతికొచ్చింది రూ.2.06 లక్షలు.. వెనక్కి కట్టమంటోంది రూ.3 లక్షలు! జాయినింగ్ బోనస్ రికవరీలో అసలు మెలిక ఇదే

కంపెనీ మారేటప్పుడు జాయినింగ్ బోనస్ అంటే ఎవరికైనా సంతోషమే. కానీ ఏడాది తిరక్కుండానే ఇంకో ఆఫర్ వస్తే మాత్రం ఆ డబ్బే మెడకు చుట్టుకుంటుంది. రిజైన్ చేశాక బోనస్ తిరిగి అడిగే హక్కు కంపెనీకి ఉందా? ఉంటే ఎంత అడగొచ్చు?

ఆఫర్ లెటర్‌లో రాసుంటే, దానిపై మీరు సంతకం పెట్టుంటే ఆ హక్కు కంపెనీకి ఉన్నట్టే. ఇలాంటి షరతు ఉద్యోగం మారే స్వేచ్ఛను అడ్డుకోవడమేనని, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం చెల్లదని చాలామంది అనుకుంటారు. అయితే 2025 మే 14న విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వేరేలా ఉంది. మూడేళ్లు పనిచేయకుండా వెళ్తే రూ.2 లక్షలు కట్టాలన్న బాండ్ చెల్లుతుందని కోర్టు తేల్చింది. అది ప్రభుత్వ బ్యాంక్ కేసు. కొత్తగా నియామకాలు చేపట్టడానికి అయ్యే ఖర్చు, శ్రమను కోర్టు లెక్కలోకి తీసుకుంది. కాబట్టి ప్రతి ప్రైవేట్ కంపెనీ బాండ్‌కూ అదే వర్తిస్తుందని చెప్పలేం. జాయినింగ్ బోనస్ విషయంలో కంపెనీ వాదన ఇంకాస్త బలంగానే ఉంటుంది. ఎందుకంటే అది జరిమానా కాదు, షరతు మీద ఇచ్చిన డబ్బునే తిరిగి అడగడం.

అసలు గొడవంతా ఎంత అనే దగ్గరే. ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఓ ఐటీ ఉద్యోగి 2024 జులై 1న చేరాడు. బోనస్ రూ.3 లక్షలు, షరతు 12 నెలలు. అతను 30 శాతం శ్లాబులో ఉన్నాడు కాబట్టి సెస్‌తో కలిపి రూ.93,600 టీడీఎస్ కట్ అయింది. ఖాతాలో పడింది రూ.2,06,400. 2025 మార్చి మధ్యలో రిజైన్ చేశాడు. 60 రోజుల నోటీస్ పూర్తి చేసి మే 15న రిలీవ్ అయ్యాడు.

ఆఫర్ లెటర్‌లో ‘ప్రో రేటా’ అని ఉంటే పది నెలలు పనిచేసినట్టు లెక్క. మిగిలిన రెండు నెలలకు రూ.50 వేలు కడితే సరిపోతుంది. ఆ మాట లేకుంటే కంపెనీ మొత్తం రూ.3 లక్షలూ అడుగుతుంది. అంటే అతని చేతికి రాని రూ.93,600 కూడా అతనే కట్టాలి! ఆ డబ్బు కంపెనీ దగ్గర లేదు, అతని పేరు మీద పన్నుగా ప్రభుత్వానికి వెళ్లిపోయింది.

ఇక్కడే మార్చి 31 కీలకం. అదే ఆర్థిక సంవత్సరంలో రికవరీ జరిగితే పేరోల్ టీమ్ ఆ ఏడాది జీతంలోంచి బోనస్ తీసేసి, మిగతా నెలల టీడీఎస్‌లో సర్దొచ్చు. ఏడాది మారితే కంపెనీ పాత లెక్క మూసేస్తుంది. ఫారం 16లో రూ.3 లక్షలు అలాగే కనిపిస్తాయి. అప్పుడు పన్ను వెనక్కి రాబట్టుకునే తలనొప్పి ఉద్యోగిదే. కాబట్టి రికవరీ తప్పదనుకుంటే మార్చిలోపే సెటిల్ చేయమని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టడం మంచిది.

‘ఆ డబ్బు మేం ఇస్తాంలే’ అని కొత్త కంపెనీ అంటే కూడా జాగ్రత్త. అదీ జీతంగానే లెక్క, దానిపైనా పన్ను పడుతుంది. చేతికి రూ.3 లక్షలు రావాలంటే ఇదే శ్లాబులో దాదాపు రూ.4.36 లక్షలు అడగాలి.

లెటర్‌లో ఇంకో వాక్యం కూడా వెతకండి. 12 నెలలు ఎప్పటివరకు? కొన్ని కంపెనీలు చివరి పనిదినం అని రాస్తాయి. కొన్ని మాత్రం రిజైన్ చేసిన తేదీ అంటాయి. రెండో రకం అయితే ఏడాది నిండేదాకా నోటీస్‌లో ఉన్నా లాభం లేదు.

పెర్ఫార్మెన్స్ బోనస్ సంగతి కొంచెం వేరు. అది అయిపోయిన పనికి ఇచ్చింది. రాతపూర్వక షరతు లేకుండా తర్వాత రిజైన్ చేశారని తిరిగి అడిగితే కంపెనీ వాదన నిలబడటం కష్టం. అందుకే చాలా కంపెనీలు ముందే జాగ్రత్త పడతాయి. చెల్లించే రోజుకి ఉద్యోగంలో ఉండి, నోటీస్‌లో లేకపోతేనే బోనస్ అని పాలసీలో పెడతాయి. అంటే తిరిగి తీసుకోవడం కాదు, అసలు ఇవ్వకపోవడం. బోనస్ ఖాతాలో పడ్డాక రాజీనామా పెట్టేవాళ్లు ఎక్కువ ఉండేది ఇందుకే!

రికవరీ ఎలా చేస్తారు? ముందుగా ఫుల్ అండ్ ఫైనల్‌లో చివరి జీతం, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్‌లోంచి పట్టుకుంటారు. చాలకపోతే లీగల్ నోటీస్, ఆ తర్వాత సివిల్ కోర్టు. పీఎఫ్ ఖాతాలోని డబ్బును మాత్రం ఈ బాకీ కింద పట్టుకోవడానికి వీల్లేదు. ఫుల్ అండ్ ఫైనల్ షీట్ చేతికి రాగానే బోనస్ రికవరీ అన్న లైన్ చూడండి. ప్రో రేటా ఉండి కూడా మొత్తం వేసుంటే, ఆఫర్ లెటర్‌లోని ఆ పేరా జత చేసి మెయిల్‌లోనే అభ్యంతరం చెప్పాలి. ఫోన్‌లో మాట్లాడితే తర్వాత ఆధారం ఉండదు.