గొంతు దాటిన గాలి వేగమెంత?

స్వీడన్ ఇంజినీరు గుస్తాఫ్ డి లావల్ 1880ల చివర్లో ఆవిరి టర్బైన్ మీద పనిచేస్తూ నాజిల్ ఆకారాన్ని మార్చాడు. ఆవిరి వేగంగా చిమ్మాలంటే గొట్టాన్ని కొసదాకా సన్నం చేసుకుంటూ పోవాలన్నది అప్పటి పద్ధతి. డి లావల్ అలా సన్నబడిన గొట్టాన్ని అక్కడితో ఆపకుండా మళ్లీ మెల్లగా వెడల్పు చేశాడు. వెడల్పయ్యే భాగంలో ఆవిరి వేగం తగ్గకపోగా ఇంకా పెరిగి, ధ్వని వేగాన్ని దాటిపోయింది. రాకెట్ల అడుగున గంటలా విచ్చుకుని కనిపించే భాగం ఈ నాజిల్‌కు వారసురాలే.

దారి వెడల్పయితే వేగం ఎందుకు పెరగాలి? కొసకు వచ్చేసరికి ఎంత వేగం ఉంటుంది? ఒక చిన్న నాజిల్ తీసుకుని లెక్క చివరిదాకా వేసి చూద్దాం.

ఒక పెద్ద ట్యాంకు నిండా 27 డిగ్రీల సెల్సియస్ వద్ద, అంటే 300 కెల్విన్ వద్ద, పొడిగాలి ఉంది. దానికి నాజిల్ బిగించాం. నాజిల్‌లో అన్నిటికన్నా ఇరుకైన చోటును గొంతు అందాం. అక్కడ వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు, బయటి మూతి దగ్గర 2 చదరపు సెంటీమీటర్లు. బయట ఉన్నది మామూలు వాతావరణం, పీడనం 1 బార్. ట్యాంకులో పీడనం ఎంత పెట్టాలన్నది మన ఇష్టం. ఇక్కడ చెప్పే పీడనాలన్నీ శూన్యం నుంచి కొలిచినవి. మామూలు గేజీ వాతావరణ పీడనాన్ని సున్నాగా చూపిస్తుంది కాబట్టి దాని అంకెకు 1 కలిపాకే లెక్కలో వాడాలి. విద్యార్థుల లెక్కలు మొదటి మెట్టులోనే తప్పడానికి ఇదొక కారణం.

ఐదు సెంటీమీటర్ల నాజిల్‌ను గాలి సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ వ్యవధిలోనే దాటేస్తుంది. అంత తక్కువ వ్యవధిలో గోడల గుండా వేడి పెద్దగా రాదు, పోదు. గోడ నునుపుగా ఉంటే రాపిడి నష్టం కూడా స్వల్పమే. ఈ రెండింటినీ సున్నా అనుకుని లెక్కించే ప్రవాహాన్ని ఐసెంట్రాపిక్ ప్రవాహం అంటారు. అందులో గాలి తన వేడినీ పీడనాన్నీ ఖర్చుపెట్టి వేగం కొనుక్కుంటుంది, మధ్యలో ఏదీ వృథా కాదు.

ఇప్పుడు ఆ వెడల్పు సంగతి. గాలి వేగం పెరిగితే పీడనం పడిపోతుంది, దాంతో గాలి పలచబడుతుంది. ఎంత పలచబడుతుందన్నది మాక్ సంఖ్యను బట్టి ఉంటుంది. గాలి వేగాన్ని, అదే చోట ఉన్న ధ్వని వేగంతో భాగిస్తే వచ్చేదే మాక్ సంఖ్య. వేగం 1 శాతం పెరిగినప్పుడు సాంద్రత తగ్గే శాతం మాక్ సంఖ్య వర్గానికి సమానం. మాక్ 0.5 దగ్గర వేగం 1 శాతం పెరిగితే సాంద్రత పావు శాతమే తగ్గుతుంది. అదే గాలి అదే లెక్కన సాగిపోవాలంటే దారి ముప్పావు శాతం ఇరుకు కావాలి. మాక్ 2 దగ్గర వేగం అదే 1 శాతం పెరిగితే సాంద్రత 4 శాతం పడిపోతుంది. అంత పలచబడిన గాలికి చోటు చాలదు, దారి 3 శాతం వెడల్పు కావాలి. సరిగ్గా మాక్ 1 దగ్గర దారి ఇరుకూ కానక్కర్లేదు, వెడల్పూ కానక్కర్లేదు. అలాంటి చోటు నాజిల్‌లో ఒక్కటే, అది గొంతు. అందుకే ట్యాంకులో నిశ్చలంగా ఉన్న గాలి ధ్వని వేగాన్ని అందుకుంటే గొంతులోనే అందుకోవాలి.

అందుకున్నాక ఏం జరుగుతుందో చూడండి. బయట పీడనం తగ్గిందన్న కబురు గాలిలో ధ్వని వేగంతోనే ప్రయాణిస్తుంది. గొంతులో గాలి అదే వేగంతో ఎదురొస్తోంది. కాలువ ఎంత వేగంగా పారుతోందో అంతే వేగంగా ఎదురీదే మనిషి ఉన్నచోటే ఉండిపోయినట్టు, ఆ కబురు గొంతు దాటి ట్యాంకు వైపు పోలేదు. ఇక బయట పీడనం ఎంత తగ్గించినా ట్యాంకు నుంచి వచ్చే గాలి ఒక్క గ్రాము పెరగదు. దీన్నే చోకింగ్ అంటారు. ట్యాంకులో 10 బార్లు ఉంటే మన గొంతు గుండా సెకనుకు దాదాపు 233 గ్రాముల గాలి పోతుంది. బయట వాతావరణమున్నా శూన్యమున్నా అంతే. పెంచాలంటే ట్యాంకు పీడనమైనా పెంచాలి, గొంతైనా వెడల్పు చేయాలి.

గొంతులో మాక్ 1 ఉందని తెలిస్తే మిగతా చోట్ల మాక్ సంఖ్యను వైశాల్యమే చెబుతుంది. గాలికి ఆ సూత్రం ఇది. ఇందులో A* గొంతు వైశాల్యం, p0 ట్యాంకు పీడనం.

```
A/A* = (1/M) × [(1 + 0.2 M²) / 1.2]³
p0/p = (1 + 0.2 M²)^3.5
```

మన మూతికి A/A* విలువ 2. దీనికి జవాబులు రెండు వస్తాయి: ఒకటి 0.306, ఇంకొకటి 2.197. రెండూ నిజమైన జవాబులే. నాజిల్ ఆకారం ఈ రెండింటినీ మన ముందు పెడుతుంది, వాటిలో ఏది జరుగుతుందో పీడనం తేలుస్తుంది.

ట్యాంకు పీడనాన్ని 1 బార్ నుంచి మెల్లగా పెంచుకుంటూ పోదాం. మొదట గాలి గొంతు దాకా వేగం పుంజుకుని, తర్వాత వెడల్పులో నెమ్మదిస్తుంది. అంతటా ధ్వని వేగానికి లోపే. 1.067 బార్ల దగ్గర గొంతులో మాక్ 1 వస్తుంది, మూతి దగ్గర 0.306 ఉంటుంది. గేజీ మీద చూస్తే ఇది 0.07 కూడా లేదు! గొంతుతోనే ముగిసిపోయే నాజిల్ అయితే చోకింగ్‌కు 1.89 బార్లు కావాలి. వెనకున్న వెడల్పు భాగం గాలిని నెమ్మదింపజేసి పీడనాన్ని తిరిగి రాబడుతుంది కాబట్టి మన నాజిల్‌కు ఇంత తక్కువ చాలింది.

ఇంకాస్త పెంచితే గొంతు దాటిన గాలి ధ్వనిని మించిపోతుంది. కానీ బయటి వాతావరణాన్ని తోసుకుపోయేంత పీడనం దానికి మిగలదు. దాంతో వెడల్పు భాగంలో ఒకచోట షాక్ నిలబడుతుంది. అది కాగితం కన్నా ఎంతో పలచని పొర. దాన్ని దాటగానే గాలి మళ్లీ ధ్వని వేగానికి లోపల పడిపోతుంది, పీడనం ఒక్కసారిగా ఎగబాకుతుంది. ట్యాంకు పీడనం పెంచేకొద్దీ షాక్ మూతి వైపు జరుగుతూ, 1.95 బార్ల దగ్గర సరిగ్గా మూతిని చేరుతుంది.

ఈ మధ్య దశలో మూతి దగ్గర మాక్ సంఖ్య ఎంతో కనుక్కోవడమే కాస్త చిక్కు. ట్యాంకులో 1.5 బార్లు ఉన్నాయనుకుందాం. షాక్‌లో కొంత నష్టం తప్పదు, కాబట్టి ఐసెంట్రాపిక్ సూత్రాన్ని ట్యాంకు నుంచి మూతి దాకా ఏకబిగిన వాడకూడదు. అయితే షాక్ దాటినా మారనివి రెండున్నాయి. గాలి పరిమాణం మారదు, వేగమంతా ఆపేస్తే తిరిగి వచ్చే ఉష్ణోగ్రతా మారదు. పైగా మూతి దగ్గర వేగం ధ్వనికి లోపే కాబట్టి బయటి కబురు అక్కడికి చేరుతుంది, మూతి పీడనం బయటి పీడనంతో సమానమవుతుంది. ఈ మూడూ కలిపితే షాక్ ఎక్కడుందో తెలియకుండానే జవాబు దొరుకుతుంది. సూత్రంలో e మూతికి, t గొంతుకు గుర్తులు.

```
Me × √(1 + 0.2 Me²) = 0.5787 × (p0 × At) / (pe × Ae)
                    = 0.5787 × (1.5 × 1) / (1 × 2) = 0.434
```

Me 0.40 అనుకుంటే ఎడమ పక్క 0.406 వస్తుంది, 0.45 అనుకుంటే 0.459 వస్తుంది. 0.426 దగ్గర సరిపోతుంది. ఈ వేగంతో మూతి దాటే గాలిని నష్టం లేకుండా ఆపగలిగితే దాని పీడనం 1.13 బార్లే. బయల్దేరినప్పుడు 1.5. అంటే పావు వంతు షాక్ మింగేసింది. అంత నష్టం కలిగించే షాక్ ముందు మాక్ సంఖ్య దాదాపు 1.93 ఉండాలని షాక్ పట్టికలు చెబుతాయి. దాన్ని మొదటి సూత్రంలో పెడితే, గొంతు కన్నా వైశాల్యం 1.59 రెట్లున్న చోట షాక్ నిలబడిందని తేలుతుంది.

ట్యాంకు పీడనం 1.95 బార్లు దాటాక మూతి దగ్గర మాక్ సంఖ్య 2.197 దగ్గర స్థిరపడిపోతుంది. 3 బార్లు పెట్టండి, 30 పెట్టండి, అది కదలదు. అక్కడ గాలి 153 కెల్విన్లకు, అంటే సున్నాకు 120 డిగ్రీలు కిందికి, చల్లబడి సెకనుకు 544 మీటర్ల వేగంతో పోతుంది. పీడనం పెంచితే ఎక్కువ గాలి పోతుంది, తోపుడు బలం పెరుగుతుంది, అంతేకానీ వేగం పెరగదు. 10.6 బార్ల దగ్గర మూతి పీడనం సరిగ్గా బయటి పీడనంతో కలుస్తుంది. అంతకు తక్కువైతే గాలి ధార మూతి బయట నొక్కుకుంటుంది, ఎక్కువైతే విచ్చుకుంటుంది. ఆ సర్దుబాట్లు బయటే జరుగుతాయి, నాజిల్ లోపలికి తెలియవు.

ఇదంతా లోపల నిజంగా జరుగుతోందని ఎలా తెలుసు? జ్యూరిక్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న ఆరెల్ స్టొడోలా 1900ల తొలి ఏళ్లలో పక్కన చిన్న రంధ్రమున్న సన్నని గొట్టాన్ని నాజిల్ నడుమ ముందుకూ వెనక్కూ జరుపుతూ పీడనం కొలిచాడు. గొంతు దాటాక కూడా పడిపోతూ వచ్చిన పీడనం, వెనక పీడనం ఎక్కువగా ఉన్నప్పుడు మధ్యలో ఒకచోట చివ్వున లేచింది. అదే షాక్ గుర్తు. నాజిల్ గోడ పొడవునా వరుసగా రంధ్రాలు పెట్టి పీడనం కొలిస్తే ఇప్పటికీ అదే కనబడుతుంది.

అయితే కొలతలు లెక్కతో అన్నిచోట్లా కలవవు. గోడనంటి నెమ్మదిగా సాగే పలచని గాలి పొర, పెరిగే పీడనానికి ఎదురు నిలవలేదు. గోడ దగ్గర పీడనం బయటి పీడనంలో 0.4 వంతు కన్నా తగ్గితే ప్రవాహం గోడను వదిలేయవచ్చని రాకెట్ ఇంజినీర్లు మోటుగా లెక్క వేసుకుంటారు. మన ట్యాంకులో 2 బార్లే ఉంటే సూత్రం ప్రకారం మూతి పీడనం 0.19 బార్. కాబట్టి ధార గోడను ముందే వదిలేస్తుంది, మూతి నిండా మాక్ 2.197 కనిపించదు. ట్యాంకు పీడనం నాలుగు, అయిదు బార్లు దాటాకే సూత్రాన్ని ధైర్యంగా నమ్మవచ్చు.

ఇవే రెండు సూత్రాల్లో మాక్ 5 పెట్టి చూడండి. మూతి గొంతు కన్నా 25 రెట్లు ఉండాలి. పీడనం 529 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది. 300 కెల్విన్ల గాలి 50 కెల్విన్లకు చేరుతుంది, అంత చలికి గాలే ద్రవమైపోవడం మొదలవుతుంది. హైదరాబాద్‌లో డీఆర్‌డీవో 2020 డిసెంబరులో ప్రారంభించిన హైపర్‌సోనిక్ విండ్ టన్నెల్ మాక్ 5 నుంచి 12 దాకా పనిచేసేలా కట్టినది, దాని నాజిల్ మూతి వ్యాసం ఒక మీటరు. అలాంటి టన్నెళ్లలో ఒక చివర అధిక పీడనం, రెండో చివర శూన్యం ఎందుకు పెడతారో, గాలిని ముందుగా ఎందుకు కాచాలో ఈ అంకెలే చెబుతాయి. ఆకారం అడిగే పీడన నిష్పత్తిని, ఉష్ణోగ్రతను మనం సమకూర్చినప్పుడే ఆ ఆకారం మాట ఇచ్చిన మాక్ సంఖ్య మూతి దగ్గర దొరుకుతుంది.